గని కింద నేను కట్టిన బడి

బంగారు గనులు మూతపడి, మా కేజీఎఫ్‌లో మగవాళ్ళంతా తెల్లారకముందే బెంగళూరు రైలెక్కడం మొదలుపెట్టిన ఆ రోజుల్లో, నాలాంటి చదువబ్బని పిల్లకు అక్క ఇంట్లో ఉండనివ్వడమే పెద్ద ఉద్యోగం. (ఏడో తరగతి తప్పినదాన్ని. మా ఆయనకు తెలుసు, మీకూ తెలియనివ్వండి.) అక్క కూతుర్ని చిట్టెలుక అనేవాళ్ళం. ఒకటో తరగతిలో వేస్తే రోజూ మంచం కిందికి దూరేది. అక్క నాతో తేల్చి చెప్పింది, "సోమవారానికి దీన్ని బడికి నడిపించు. లేదంటే ఇంగ మనూరు రాయల్పాడుకు పోయి తోటలో మామిడికాయలేరుకో." కేజీఎఫ్ బేకరీల రుచి మరిగినదాన్ని, ఆ తోటలోకి మళ్ళీ ఎట్లా పోతాను?

అందుకే మూసిన గని కింద ఒక మాయబడి ఉందనీ, పైన బడికి పోయేవాళ్ళకే అందులో సీటనీ చెప్పాను. ఊరికే నమ్మే పిల్ల కాదది. అడిగిన ప్రతిదానికీ ఒక నియమం కట్టాల్సి వచ్చింది. కొత్తగా చేరినవాళ్ళు రాయిని కర్రతో తట్టి వినాలి: ఖంగుమంటే గట్టి రాయి, డొల్లగా మోగితే ఊడిపడే రాయి. (ఇది గనిలో పనిచేసిన మా బావ చెప్పిందే. అబద్ధపు పందిరికి ఒక్క నిజపు గుంజయినా పాతాలి.) తర్వాత చీకట్లో నడక. పెద్ద తరగతిలో బంగారాన్ని పేరుపెట్టి పిలిచే మంత్రం. పిలిచిన ప్రతిసారీ గొంతు కొంచెం పోతుంది. ఖర్చు లేని మాయ అయితే బడి దేనికి? ఒక తరగతి పాఠం ఇంకో తరగతికి చెప్పకూడదు. మొత్తం తెలిసినవాడు సొంతంగా తవ్వుకుంటాడు, అయ్యవారినెవరు లెక్కచేస్తారు?

ఇంక చిట్టెలుక కర్ర పట్టుకుని వీధిలో గోడలన్నీ తట్టింది. పక్కింటావిడ అడిగింది, "ఏమ్మా, మీ పాప మా గోడకు పెళ్ళిచూపులు చూస్తా ఉండాదా?"

ఆదివారం అన్నం దగ్గర వచ్చింది అసలు చిక్కు.

"పిన్నీ, చిన్నోళ్ళు రాయి ఎందుకు వింటారు?"

"కూలేది ముందే తెలియాల కదమ్మా, బంగారం పిలిచే పెద్దోళ్ళకు."

"అట్లయితే కూలేకాడ ఉండేది చిన్నోళ్ళా?"

నేను చారు వడ్డించాను. (జవాబు రానప్పుడు వడ్డించడం మా వంశాచారం.)

"ఆ సంగతి చేరేటప్పుడే చెప్పినారా?"

"చెప్తే ఎవురు చేరతారు?"

"దొంగబడి పిన్నీ అది. బంగారం వాళ్ళకు, రాయి మాకా?"

అయిపోయింది, రాయల్పాడు బస్సే అనుకున్నాను. తెల్లారి చూస్తే బూట్లు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"మా మిస్సు దగ్గరికే పోతా. ఆమె గోడ వినమనదు. అయితే పైన బడికి పోతే కింద సీటిస్తారంటివే, ఆ నియమం తీసెయ్. తీస్తేనే పోయేది."

అక్కడికక్కడే తీసేశాను. పైన బడిలో హాజరు పలికిన పిల్లను కింద బడి ముట్టుకోకూడదని కొత్త నియమం కూడా పెట్టాను. చిట్టెలుక ఒక్క రోజు కూడా బడి మానలేదు, జ్వరమొచ్చినా పోతాననేది.

"ఎట్ల చేసినావే?" అని అక్క అడిగితే, "అంతా నా ఎత్తే" అన్నాను. బంగారం దాచే బడి కట్టాననుకున్నాను. అది దాచింది కూలే రాయి కింద నిలబెట్టిన పిల్లల్నని ఒకటో తరగతి పిల్ల చెప్పేదాకా తెలియలేదు. అయినా ఆ సాయంత్రం వీధిలో నా నడక చూడాలి మీరు, పెద్ద విద్యాలయానికి ప్రిన్సిపాల్‌లాగా. ఏడో తరగతి తప్పిన అప్పటి నేను ఇప్పుడెదురైతే, బేకరీకి తీసుకుపోయి ఏం కావాలంటే అది కొనిస్తాను.