ఊదారంగు ఎక్కడుంటుంది

మా హాస్టల్ గదిలో నలుగురం ఉండేవాళ్ళం. ఎంపీసీ వాళ్ళిద్దరూ తమ ప్రాక్టికల్స్ అయిపోగానే సంచులు సర్దుకుని ఇళ్ళకు వెళ్ళిపోయారు. మిగిలింది బైపీసీ వాళ్ళం, నేనూ నా పక్క మంచం పిల్లా. నాది డుంబ్రిగుడ. తనది బొర్రాలో రైలు దిగి లోపలికి చాలాసేపు నడవాల్సిన కొండ ఊరు. నేను నోరున్నదాన్ని. తన నోరు ఇంటి దగ్గరే మరిచిపోయి వచ్చిందని నేను అందరితోనూ అనేదాన్ని, తన ఎదుటే.

ఆ రాత్రి గడిస్తే బోటనీ ప్రాక్టికల్. బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ వస్తారు. ప్రీఫైనల్లో మా మేడమే ప్రశ్నలడిగితే తను తల దించుకుని నిలబడింది తప్ప ఒక్క మాట పెగల్లేదు. రేపు కూడా ఇలాగే ఉంటే పాసవ్వడం కష్టమని మేడం తేల్చి చెప్పేశారు. తనకేమో నర్సింగ్ చదవాలని ఆశ. తప్పితే మళ్ళీ రాయించేది లేదు, కాఫీ తోటలో పనికి రావాల్సిందేనని వాళ్ళ నాన్న ముందే చెప్పి పంపాడు. దాన్ని ఎలాగైనా మాట్లాడించాలని నేను నడుం కట్టాను. నన్నెవరూ అడగలేదు లెండి.

దుప్పటి భుజాల మీద కప్పుకుని, మంచం మీద బాసింపట్టు వేసుకుని, గొంతు లావు చేసుకుని ఎగ్జామినర్నయ్యాను.

"మైటోకాండ్రియా పని ఏమిటి?"

"ఏటీపీ... శక్తి ఇత్తాది."

"గట్టిగా సెప్పే. గోడకి కాదు, నాకు సెప్పు."

"కణానికి శక్తి ఇత్తాది!" అని అరిచింది. పక్క గది వాళ్ళు గోడ కొట్టారు. ఇద్దరం దుప్పట్లో మొహాలు దాచుకుని నవ్వుకున్నాం.

"ఇప్పుడు నానడుగుతాను," అంది ధైర్యం వచ్చి. "పొర లేని కణాంగం ఏటి?"

"రైబోసోమ్. ప్రోటీన్లు తయారుసేత్తాది."

"రెండు పొరలున్నవి?"

"కేంద్రకం, మైటోకాండ్రియా, హరితరేణువు."

"మరి లైసోసోమ్ పగిలిపోతే?"

"అందులో ఎంజైములు బయటికొచ్చి కణాన్నే తినేత్తాయి."

"పాపం," అంది. ఆ పాపం ఎవరి మీదో అడిగితే, కణం మీదేనంది.

బాగానే సాగుతోంది. కాలేజీ వరండా కుండీల్లో ఒక మొక్క ఉండేది. ఆకు పైన పచ్చగా, అడుగున ఊదాగా ఉంటుంది. ఉప్పునీళ్ళు తగిలితే కణం లోపలిది ముడుచుకోవడం చూపించే ప్లాస్మాలిసిస్ ప్రయోగానికి ఆ అడుగు పొరనే ఒలిచి స్లైడ్ మీద పెడతారు. ఆ ప్రశ్న తప్పకుండా వస్తుందని నాకు గట్టి నమ్మకం.

"ఈ ఆకులో ఊదారంగు ఏ కణాంగంలో ఉంటుంది?"

"రిక్తికలో."

"ఏటే! రిక్తికలో ఉండేది నీళ్ళు. రంగంటే క్రోమోప్లాస్టు, రంగు గింజలు. పండు, పువ్వు, రంగు, క్రోమోప్లాస్టు. పుస్తకంలో అచ్చేసుంది."

"అది మిరపకాయకి. మిరప్పండు నీట్లో ఏత్తే రంగు దిగదు, నూనెలోనే దిగుతాది. ఈ ఆకు మొన్న వంటగదిలో ఏడినీళ్ళ గ్లాసులో ఏసాను. బేగి దిగిపోనాది, నీళ్ళన్నీ రంగే. నీట్లో కరిగీ రంగయితే నీళ్ళున్నకాడే ఉంటాది కదేటి?"

తను ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం రెండేళ్ళలో నేను వినలేదు. విని సంతోషించాలి నిజానికి. నాకు మాత్రం ఒళ్ళు మండింది. క్లాసులో మొదటి బెంచీ నాది, రికార్డులో బొమ్మలు వేయించుకోవడానికి అందరూ వచ్చేది నా దగ్గరికి.

"వంటగది కబుర్లు సార్ ముందు సెప్తే నవ్వుతారు. నీకు పాసవ్వాలనుందా లేదా? క్రోమోప్లాస్టు అను."

"క్రోమోప్లాస్టు," అంది.

మూడుసార్లు అనిపించాను. అప్పుడు గానీ దీపం ఆర్పనివ్వలేదు.

పొద్దున్న మంచు దట్టంగా పట్టింది. ల్యాబులో నా బల్లా తన బల్లా పక్కపక్కనే. తనకు సరిగ్గా ప్లాస్మాలిసిస్సే వచ్చింది. నాకు బంగాళాదుంప ప్రయోగం. తను ఆకు అడుగు పొర ఒలిచి, నీటి చుక్కలో పరిచి, తర్వాత ఉప్పు నీళ్ళు వేసి కవర్‌స్లిప్ మూసింది. కింద ఒక్క గాలిబుడగ లేదు. పని అంటే తనకెప్పుడూ భయం లేదు, మాటంటేనే.

ఎగ్జామినర్ సార్ వచ్చి మైక్రోస్కోపులోకి చూసి తలూపారు. "బాగా చేశావమ్మా. ఈ రంగు ఏ కణాంగంలో ఉంది?"

తను నా వైపు చూసింది. తర్వాత గట్టిగా, రాత్రి నేను నేర్పినట్టే గట్టిగా, "క్రోమోప్లాస్టులో సార్," అంది.

సార్ మొహం చిన్నబోయింది. "మళ్ళీ చూసి చెప్పు."

ఇంక అంతే. తల దిగిపోయింది, నోరు మూతబడింది. సార్ మార్కుల కాగితం తీశారు.

పక్కకు వంగి తన మైక్రోస్కోపులోకి చూశాను. అలా చూడకూడదు, అయినా చూశాను. రంగు గింజలు గింజలుగా ఎక్కడా లేదు. కొన్ని కణాల నిండా సమంగా పరుచుకుని ఉంది. ఉప్పునీళ్ళు తగిలిన చోట మాత్రం ఊదా ముద్ద గోడను వదిలేసి మధ్యకు ముడుచుకుపోతోంది. నీళ్ళు పోతున్నాయి, రంగు ఆ మిగిలిన నీళ్ళతోనే ఉంది. పుస్తకం అక్కర్లేదు, కళ్ళుంటే చాలు.

"సార్, దానికి తెలుసు సార్! రాత్రి రిక్తిక అనే సెప్పింది. నేనే తప్పు నేర్పించాను."

ల్యాబంతా నా వైపు తిరిగింది. మేడం కళ్ళు పెద్దవయ్యాయి. సార్ కళ్ళద్దాల పైనుంచి నన్ను చూసి, "నిన్నెవరు అడిగారు? నీ చోటికి వెళ్ళు," అని కసిరి, ఆ పిల్ల వైపు తిరిగారు. "రిక్తిక అని ఎందుకన్నావమ్మా రాత్రి?"

నేను బంగాళాదుంపను చూస్తూ లోపల మొక్కుకున్నాను.

"మిరపకాయ రంగు నీట్లో దిగదు సార్," అంది చివరికి, బల్లకేసి చూస్తూ. "ఈ ఆకు రంగు దిగిపోతాది."

సార్ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. గ్లాసు, వేడినీళ్ళు, నూనె అన్నీ అడిగారు, తను అన్నీ చెప్పింది. మొదట చిన్నగా, పోనుపోను మామూలుగా. ఆఖర్న ఆయన నవ్వారు గానీ నేను భయపెట్టిన నవ్వు కాదది. కాగితం మీద ఏదో రాసి, ముందేం చదువుతావని అడిగి, "నర్సింగా? వెళ్ళు, బాగా చదువుకో," అన్నారు. నా దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం నవ్వలేదు. బంగాళాదుంప గురించి అడగాల్సినవన్నీ అడిగి, అడగక్కర్లేనివీ అడిగారు.

బయటికొచ్చేసరికి మంచు విడిపోయి ఎండ కాస్తోంది. కాలేజీ మెట్ల మీద కూర్చుని తనని తిట్టాను, నన్ను నేను తిట్టుకోవడం చేతకాక.

"తెలిసి కూడా నా మాటెందుకు సెప్పినావే?"

తను చెప్పులోంచి మట్టి దులుపుకుంటూ, అందులో అడగడానికేముందన్నట్టు నన్ను చూసింది.

"నాను పాసవ్వాలని నాకన్నా నీకే ఎక్కువుంది కదా. నువ్వు తప్పు సెప్తావనుకోలేదు."

తన రెండో చెప్పు నేను తీసుకుని మట్టి దులిపాను.