మామిడి వేడి, నెగటివ్ రిపోర్టు

నూజివీడులో మే నెల వచ్చిందంటే పిల్లల ఒంటిమీద ఏం లేచినా మామిడిపళ్ల వేడే అంటారు. చెమటకాయలైనా, సెగగడ్డైనా, దోమ కుట్టిన దద్దురైనా కారణం ఒకటే. వైద్యమూ ఒకటే: పళ్లు ఆపి మజ్జిగ తాగించడం. ఆ ఊళ్లో నాకు పది మంచాల ప్రసూతి ఆసుపత్రి ఉండేది. ఆ మాట రోజూ వినేదాన్ని. చాలాసార్లు అది తప్పు కూడా కాదు.

ఎనభై ఎనిమిది వేసవిలో మాత్రం తప్పయింది.

మామిడికాయల కమీషన్ కొట్టు ఉన్న ఒక షావుకారి చిన్నకోడలు నా దగ్గర చూపించుకునేది. పెళ్లయిన ఐదేళ్లకు నిలిచిన కడుపు. నెల తప్పిన తేదీ ఆమె సరిగ్గా చెప్పింది, నేను వేళ్లమీద లెక్కకట్టాను, ఎనిమిది వారాలు నిండాయి. ఆ రోజు అత్తగారితో పాటు తోడికోడలి కూతురు, ఆరేళ్ల పిల్ల కూడా వచ్చింది. నేను మాట్లాడుతున్నంతసేపూ ఆ పిల్ల పిన్ని ఒళ్లోంచి దిగలేదు. దాని చెంపలమీద, చేతులమీద దాదాపు వెలిసిపోయిన మచ్చల గులాబీరంగు ఆనవాళ్లు నాకు కనిపించాయి.

"ఇదేంటమ్మా?" అన్నాను.

"వేడండీ," అన్నారు అత్తగారు. "కాయలు మాగేసిన గోడౌన్లోకి దూరి రసాలు జుర్రేసింది. వారం కింద మొహంమీద మొదలై ఒళ్లంతా దిగింది. కాస్త ఒళ్లు వెచ్చబడింది కూడా. మజ్జిగ పట్టించాం, మూడ్రోజుల్లో సర్దుకుంది."

పిల్లను దగ్గరకు పిలిచి చెవుల వెనక, మెడ వెనక తడిమాను. శెనగగింజల్లా బిళ్లలు కట్టి ఉన్నాయి. మామిడిపండు ఒంట్లో వేడి చేస్తే చేయొచ్చు, చెవి వెనక బిళ్లలు కట్టించదు. మొహంమీద మొదలై కిందికి దిగి మూడు రోజుల్లో పోయే తట్టు ఒకటుంది, దాని పేరు రుబెల్లా. పిల్లలకు అది లెక్కలోకి రాని జబ్బు. మూడు నెలల లోపు కడుపులో ఉన్న బిడ్డకు సోకితే కళ్లు, చెవులు, గుండె, మూడింటికీ ముప్పు.

"ఇది రాత్రిళ్లు ఎవరి దగ్గర పడుకుంటుంది?" అని అడిగాను.

చిన్నకోడలు నవ్వింది. "నా పక్కలోనే అండీ. వాళ్లమ్మ దగ్గరకి అస్సలు పోదు."

"నీకు చిన్నప్పుడు ఇలాంటి తట్టు వచ్చిందా?"

"ఏమో అండీ. మా అమ్మ ఎప్పుడూ చెప్పలేదు."

వచ్చిందని చెప్పినా నేను నమ్మేదాన్ని కాదు. పది రకాల దద్దుర్లు ఇలాగే ఉంటాయి. నెత్తురే చెప్పాలి. అదే రోజు ఆమెదీ, పిల్లదీ నెత్తురు తీశాను. పిల్లను రెడ్డిగూడెంలో దాని అమ్మమ్మగారింటికి పంపమన్నాను. గుమాస్తా ఒకాయన సీసాలను ఐసు పోసిన ఫ్లాస్కులో పెట్టుకుని బెజవాడలో మద్రాసు రైలెక్కాడు. అప్పట్లో ఈ పరీక్ష మా చుట్టుపక్కల ఎక్కడా లేదు. రుబెల్లాతో పాటు టాక్సోప్లాస్మా, సైటోమెగలో వైరస్ కూడా ఒకే కాగితంమీద చూసేవారు. మూడూ తల్లికి పెద్దగా తెలియకుండా బిడ్డను పట్టుకునేవే.

పది రోజుల తర్వాత రిపోర్టు వాళ్లింటికి పోస్టులో వచ్చింది. నాకు చూపించే ముందే షావుకారి బావమరిది, బెజవాడలో మందుల షాపు ఆయన, చదివేశాడు. అత్తగారు ఒక చేత్తో చిన్నరసాల బుట్ట, ఒక చేత్తో కాగితం పట్టుకుని వచ్చారు. సగం సంతోషం, సగం ఏడుపు.

"మీరు భయపడ్డ రుబెల్లా నెగటివ్ అండీ, రెండు గళ్లలోనూ. రెండోది కూడా రెండూ నెగటివే. ఆ మూడోది మాత్రం పాజిటివ్ అంట. బిడ్డకి బుర్ర ఎదగదంట, కడిగించేయమంటున్నాడు మా తమ్ముడు."

వెనకే చిన్నకోడలు నిలబడి ఉంది, మొహంలో చుక్క నెత్తురు లేదు. ముందు ఆమెను కూర్చోబెట్టాను.

"మీ తమ్ముడు మందులు బాగానే అమ్ముతాడు గానీ దీన్ని తిరగేసి చదివాడండీ. మీరు ఏడవాల్సిన చోట నవ్వుతున్నారు, నవ్వాల్సిన చోట ఏడుస్తున్నారు."

కాగితం బల్లమీద పరిచాను. ఒక్కో జబ్బుకు రెండేసి గళ్లు, ఐజీఎం, ఐజీజీ అని. జబ్బు సోకిన కొత్తలో ముందు కనిపించేది ఐజీఎం. కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు ఉండి తగ్గిపోతుంది. దాని వెనకే ఐజీజీ వస్తుంది, వచ్చాక సాధారణంగా జన్మంతా ఉండిపోతుంది. ఐజీజీ ఉండి ఐజీఎం లేకపోతే ఎప్పుడో వచ్చి పోయిన జబ్బు. రెండూ లేకపోతే ఎన్నడూ రాలేదు, అంటే ఇక ముందు రావచ్చు. సోకి కొద్ది రోజులే అయి ఉంటే నెత్తురులో ఇంకా తేలలేదేమో కూడా.

"మీ మూడోది, సైటోమెగలో, ఐజీజీ మాత్రమే పాజిటివ్. మన దేశంలో ఎంతోమందికి చిన్నతనంలోనే వచ్చి పోతుంది. బిడ్డకి భయం బొత్తిగా లేదనను, పాత వైరస్ మళ్లీ లేచే సందర్భాలున్నాయి. కానీ దీనికోసం ఎవరూ కడుపు తీయించుకోరు. టాక్సో రెండూ లేవు, అంటే ఇకముందు జాగ్రత్త కావాలి. గోడౌన్లో ఎలకలకోసం పిల్లుల్ని పెంచుతున్నారుగా. ఇది పిల్లి పెంటలోంచి సోకుతుంది, కాయలు మాగేసే గడ్డిలో ఈ అమ్మాయి చేతులు పెట్టకూడదు. ఆకుకూరలు బాగా కడగాలి."

"మరి రుబెల్లా?"

"అదే నా భయం. ఐజీజీ లేదు, అంటే ఈ అమ్మాయికి కవచం లేదు. పిల్ల రిపోర్టు చూడండి, దానికి ఐజీఎం పాజిటివ్. దానికొచ్చింది మామిడి వేడి కాదు. కవచం లేని మనిషి వారంపాటు దాని పక్కలో పడుకుంది. సోకిందో లేదో ఈ కాగితం చెప్పలేదు, అప్పటికింకా తేలే టైమ్ కాలేదు."

అత్తగారు నా బల్లమీద పెట్టిన బుట్ట వైపు చూశారు. "అయితే పళ్లు..."

"తీసుకెళ్లండి. పళ్లు తినే వేళ ఇంకా రాలేదు."

మొదటిసారి తీసిన మూడు వారాలకు రెండోసారి నెత్తురు తీశాను. మొదటి నమూనాలో మిగిలినది ఫ్రీజర్లో దాచమని మద్రాసు లేబొరేటరీకి అంతకుముందే రాసి ఉంచాను. ఈసారి ఫలితం ట్రంకు కాల్లో తెలిసింది. ఐజీజీ నెగటివ్. ఐజీఎం పాజిటివ్, బలహీనంగా.

షావుకారు స్వయంగా వచ్చారు. మామిడి సీజన్లో ఆయన కొట్టు వదిలి రావడం నేను చూడటం అదే మొదటిసారి.

"ఐజీఎం అంటే కొత్త జబ్బని మీరే చెప్పారండీ. పన్నెండు వారాలు దాటితే కష్టమంటగా. ఇంక దేనికి ఆగటం?"

"ఐజీఎం ఒక్కటే వచ్చింది కాబట్టి ఆగుతున్నానండీ. ఆ పరీక్ష కొందరిలో ఊరికే పాజిటివ్ చూపిస్తుంది. నిజంగా జబ్బైతే దాని వెనకే ఐజీజీ వచ్చి తీరాలి. రెండు వారాల్లో వచ్చిందా, సోకినట్టే. రాకపోతే ఆ ఐజీఎం ఉత్తదే."

"ఆ రెండు వారాల్లో గడువు..."

"గడువు అయిపోదు. పన్నెండు దాటితే ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి, అంతే. చట్టం ఇరవై దాకా ఇస్తోంది. నిజంగా సోకిందని తేలి, ఈ అమ్మాయి వద్దంటే, రెండో డాక్టర్ని నేనే పిలిపించి నా చేత్తోనే చేస్తాను. కొంచెం కష్టం ఎక్కువ, అది దాచను. సగం రిపోర్టుమీద మాత్రం చెయ్యను."

ఆయన కోడలి వైపు తిరిగారు. "బెజవాడ పోదామా అమ్మా? అక్కడైతే రేపే అయిపోద్ది."

జవాబు చెప్పాల్సింది ఆమె. అది నా కడుపు కాదు.

ఆమె మామగారి ముందు గొంతెత్తి మాట్లాడిన మనిషి కాదు. చీర చెంగు ముడి వేస్తూ, విప్పుతూ చెప్పింది. "నేను రానండీ మావయ్యగారూ. పూర్తిగా తెలిశాక వద్దనుకుంటే నేనే చెప్తాను. తెలియకుండా పోగొట్టుకుంటే, రెడ్డిగూడెం పంపిన ఆ పిల్లని మళ్లీ ఎత్తుకోలేను."

ఆయన "సరే, అట్టాగే కానీ," అని లేచారు.

ఆ రెండు వారాలూ ఆమె రోజూ అద్దంలో మొహం చూసుకునేదట, దద్దుర్లకోసం. దద్దుర్లు లేకుండా కూడా సోకవచ్చని ఆమెకు చెప్పే ఉన్నాను. అబద్ధపు ధైర్యం నేను ఇవ్వలేను. గడువు నిండగానే మూడోసారి నెత్తురు తీశాను. ఫ్లాస్కుతో పాటు లేబొరేటరీకి ఉత్తరం కూడా పంపాను. మూడు నమూనాలూ ఒకే రోజు, ఒకే పళ్లెంలో, పక్కపక్కన పెట్టి చూడండి, విడివిడిగా చూస్తే నాకు ఒద్దు అని. ఒక రోజు అంకెను ఇంకో రోజు అంకెతో పోల్చడం తూకం రాళ్లు మార్చి తూచడం లాంటిదని షావుకారుకు చెబితే, ఆయనకు అది మాత్రం వెంటనే అర్థమైంది.

జవాబు వచ్చేసరికి పదిహేనో వారం నడుస్తోంది. మూడింటిలోనూ ఐజీజీ లేదు. ఐజీఎం మూడింటిలోనూ దాదాపు ఒకే చోట ఉంది. పాజిటివ్ అనడానికి వాళ్లు పెట్టుకున్న గీతకు మొదటిది వెంట్రుకవాసి కింద, రెండోది వెంట్రుకవాసి పైన, మూడోది మళ్లీ కింద. అది పెరగనూ లేదు, దాని వెనక ఇంకేమీ రానూ లేదు. పిల్ల తట్టుకు ముందునుంచీ ఆమె నెత్తురు ఆ పరీక్షలో అలాగే కనిపించేదేమో. రుబెల్లా సోకలేదు.

అందరూ నా గదిలోనే ఉన్నారు. అత్తగారు నా మొహం చూస్తూ అడిగారు, "ఈసారి నెగటివ్ అంటే నవ్వొచ్చా అండీ?"

"ఈసారి నవ్వండి. కానీ కవచం ఇప్పటికీ లేదు. కాన్పయ్యేదాకా ఒంటిమీద మచ్చ ఉన్న పిల్లెవరూ మీ గడప తొక్కకూడదు."

"మామిడి వేడైనా సరే?" అన్నారు షావుకారు.

"మామిడి వేడైతే మరీనూ."

కోడలు నవ్వలేదు, ఏడవలేదు. పరీక్ష బల్లమీద పడుకుని, "గుండె చప్పుడు వినిపిస్తుందేమో ఒకసారి చూడండి," అంది. కొత్తగా కొనుక్కున్న చిన్న డాప్లర్ పెట్టి వెతికాను. దొరికింది.

డిసెంబరులో ఆడపిల్ల పుట్టింది. టార్చిలైటు వేసి రెండు కళ్లూ చూశాను, కనుపాపల వెనక ఎర్రటి మెరుపు శుభ్రంగా ఉంది. గుండెమీద స్టెతస్కోపు పెట్టి ఎక్కువసేపే విన్నాను. ఆఖరికి ఆయా చేత స్టీలు పళ్లెం కింద పడేయించాను. పిల్ల ఒళ్లంతా ఉలిక్కిపడి ఏడుపు లంకించుకుంది. "నా మనవరాల్ని జడిపించారు," అని అత్తగారు కసురుకున్నారు. ఇంటికి పంపేముందు తల్లికి రుబెల్లా టీకా వేశాను. మూడు నెలలదాకా మళ్లీ కడుపు రాకూడదని భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను.

మళ్లీ మే నెలలో టీకా పట్టిందో లేదో చూడటానికి నెత్తురు తీశాను. రిపోర్టు తీసుకుని అత్తగారే వచ్చారు, వెంట కోడలు, చంటిది, కిందటేడు తట్టు వచ్చిన పెద్దపిల్ల, చేతిలో గడ్డి పరిచిన రసాల బుట్ట. రుబెల్లా ఐజీజీ పాజిటివ్.

"ఈసారి పాజిటివే కదండీ," అని బుట్టను నా బల్లమీద, సరిగ్గా కిందటేడు పెట్టిన చోటే పెట్టారు. "ఇంక తీసుకుంటారా?"

తీసుకున్నాను. ఒక పండు అక్కడే పిసికి, ముచ్చిక తెంచి, పెద్దపిల్లకు ఇచ్చాను. అది పిన్ని పక్కన కూర్చుని మోచేతులదాకా కార్చుకుంటూ జుర్రింది. చెల్లెలు పిన్ని ఒళ్లో ఉంది, ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా అటు తల తిప్పి చూస్తోంది.