తాతగారి మూడు రంగులు

తాతగారికి నలభై మూడేళ్ళు. మనవలు లేరు సరికదా, జుట్టు కూడా ఇంకా పూర్తిగా నెరవలేదు. అయినా ఆ ఆఫీసులో మిగతావాళ్ళంతా నిన్నగాక మొన్న కాలేజీ నుంచి ఊడిపడ్డవాళ్ళు కావడంతో ఈయనకి ఆ పేరు అతుక్కుపోయింది. మొదట్లో చిరాకుపడ్డాడు. తరవాత ఫోనెత్తి తనే "ఆఁ, తాతగార్నే మాట్లాడుతున్నా" అనే దాకా వచ్చింది.

రక్తపరీక్షల ల్యాబులు వాడే సాఫ్ట్‌వేర్ రాస్తారు వాళ్ళు. మెట్ల పక్కన పొడుగాటి హాలు, వరసగా టేబుళ్ళు, చివర గాజుగదిలో మేడమ్. మేడమ్ అంటే ఆ విభాగానికి పెద్ద. మాటలు తక్కువ, చూపులు ఎక్కువ. తాతగారి టేబులు కిటికీ వైపు. ఆ పక్క టేబులు ఆయన బావమరిదిది, అంటే భార్య తమ్ముడిది. చదువైపోయి ఖాళీగా తిరుగుతున్నవాణ్ణి తీసుకొచ్చి, మేడమ్‌కి చెప్పి, ఆ కుర్చీలో కూర్చోబెట్టింది ఈయనే. పని నేర్పిందీ ఈయనే. సొంత తమ్ముడిలా చూసుకున్నాడు. ఈ మాట ఊరికే అనడం లేదు, నిజంగానే కడుపులో పెట్టుకుని చూసుకున్నాడు.

ఇక అసలు సంగతి. తాతగారికి ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియదు. పుట్టుకతోనే అంతే. చిన్నప్పుడు బొమ్మలో ఆకులకి గోధుమరంగు వేస్తే టీచరు క్లాసు మొత్తానికి ఎత్తి చూపించి నవ్వింది. ఆ నవ్వు మనసులో దిగబడిపోయింది. అప్పట్నుంచి ఎవరికీ చెప్పలేదు. రంగులు చూసి మాట్లాడాల్సిన ప్రతిచోటా నేర్పుగా తప్పించుకోవడం అలవాటు చేసుకున్నాడు.

అయితే ప్రోగ్రాములు రాసేవాడికి రంగుల బెడద రోజూ ఉంటుంది. కోడు రాసుకునే ఎడిటర్ ఒక్కోదాన్ని ఒక్కో రంగులో చూపిస్తుంది. కామెంట్లంటే మనుషులు చదువుకోవడానికి రాసుకునేవి, కంప్యూటర్ వాటి జోలికి పోదు. స్ట్రింగులంటే తెరమీద పడే మాటలు. ఫంక్షన్లంటే ఒక్కో పని చేసిపెట్టే ముక్కలు. ఆఫీసులో అందరూ వాడే థీమ్‌లో, అంటే ఆ రంగుల అమరికలో, ఈ మూడూ మిగతావాళ్ళకి ముచ్చటగా ఉండేవి, తాతగారికి మాత్రం అంతా ఒకటే బురద.

అందుకని సొంత థీమ్ తయారుచేసుకుందామనుకున్నాడు. తనొక్కడి వల్ల అయ్యే పని కాదు, పక్కన మామూలు కళ్ళున్నవాడొకడు కావాలి. ఎవర్ని నమ్ముతాడు? బావమరిదిని. ఒక సెలవునాడు ఖాళీ హాల్లో ఇద్దరూ కూర్చున్నప్పుడు నోరు విప్పాడు.

"ఒరేయ్, నవ్వనంటే ఒకటి చెప్తా."

"చెప్పు బావా, నేనెందుకు నవ్వుతాను!"

నిజంగానే నవ్వలేదు. "ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చావు బావా?" అని మాత్రం అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నకి తాతగారి గుండె మీంచి బండ దిగినట్టయింది.

ఆ పని ఎంత ముచ్చటగా సాగిందో చెప్పాలి. థీమ్ అంటే ఉత్త అక్షరాల ఫైలు. దేనికి ఏ రంగో అందులో రాసిస్తే ఎడిటర్ అలా చూపిస్తుంది. రంగుకి ఆరు గుర్తుల కోడ్, మొదటి రెండూ ఎరుపు పాలు, తరవాతి రెండూ ఆకుపచ్చ, చివరి రెండూ నీలం. కళ్ళు మోసం చేసినా అంకెలు చెయ్యవు కదా అని తాతగారు వాటినే పట్టుకున్నాడు. ఎరుపూ ఆకుపచ్చా జోలికి పోకుండా వెలుగులో తేడా ఉండేలా ఏరాడు. స్ట్రింగులకి లేత పసుపు, ఫంక్షన్లకి ఆకాశనీలం, కామెంట్లకి బూడిదరంగు. ఆ బూడిద మొదట నల్లటి తెరలో కలిసిపోయింది, చదవడానికి వీలుగా కాస్త వెలుగు పెంచాడు. కామెంటు రంగు మారింది గానీ దాని ముందుండే రెండు గీతలు పాత రంగులోనే ఉండిపోయాయి. కర్సర్‌ని వాటిమీద పెట్టి చూస్తే ఎడిటర్ వాటికి వేరే పేరు చూపించింది, ఆ పేరుకీ బూడిద రాశాడు. ఆఖర్న తెర మొత్తాన్ని నలుపుతెలుపులోకి మార్చి చూశాడు. అప్పుడు కూడా మూడూ దేనికది విడిగా తెలుస్తుంటే చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

మధ్యలో బావమరిది సరదాపడి రకరకాల రంగులు పెట్టి పరీక్ష చేశాడు. "ఇవి వేరువేరుగా ఉన్నాయా బావా?" ఒక ఆకుపచ్చ, ఒక తుప్పురంగు, ఒక నారింజ పెట్టినప్పుడు తాతగారు నవ్వేసి, "ఈ మూడూ నాకు ఒక్కటేరా, నీ మీదొట్టు" అన్నాడు.

ఆ థీమ్ పెట్టుకున్నాక తాతగారి పనిలో వేలు పెట్టి చూపించేందుకు తప్పు దొరకలేదు. కొత్తగా ఇంకో బృందం కడుతున్నారనీ, దానికి పెద్దగా ఈయన్నే వేస్తారనీ హాలంతా అనుకున్నారు. ఆయన కూడా ఆశపడ్డాడు. ఎందుకు పడకూడదు? ఎన్నాళ్ళుగానో పడ్డ పాటుకి ఫలితమది. క్లాసులో నవ్వులపాలైనవాడికి నలుగురి ముందూ తలెత్తుకునే రోజది.

ఆ పెద్దరికం ఎవరికివ్వాలో తేల్చడానికి మేడమ్ ఒక మీటింగు పెట్టింది. పెద్ద తెర మీద అందరి ముందూ కోడు తెరిచి, ఒక చిక్కు విప్పి చూపించాలి. ల్యాబు రిపోర్టులో ఒక సందేశం తప్పుగా పడుతోంది, అదే ఆ చిక్కు. గదిలోకి వెళ్ళబోతుంటే బావమరిది అన్నాడు: "బావా, పొద్దున్న కొన్ని మార్పులు పెట్టాను. తాజా కోడు దింపుకో, లేకపోతే పాతదాంట్లో వెతుకుతావు."

దింపుకున్నాడు. ల్యాప్‌టాప్‌ని పెద్ద తెరకి తగిలించాడు.

అంతా బురద. పసుపు లేదు, నీలం లేదు, బూడిద లేదు. థీమ్ పోయిందేమోననుకుని, "ఈ గదిలో వెలుతురెక్కువ" అని నెపం చెప్పి ఇంకో థీమ్‌కి మార్చాడు. వెనకనున్న నలుపు తెలుపయింది గానీ అక్షరాలు కదల్లేదు. ఆ రంగులు థీమ్‌లో లేవు మరి. ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే సెట్టింగుల ఫైలొకటి ఉంటుంది, అందులో రాసిన రంగులు ఎవరి సొంత రంగుల్నైనా తోసేస్తాయి. అది వెతకాలన్నా, తీసెయ్యాలన్నా ఎందుకో చెప్పాలి. చెప్పాలంటే గుట్టు విప్పాలి. పదిమంది చూస్తున్నారు.

సరే, తెలిసిన కోడే కదా అని ధైర్యం చేశాడు. సందేశం తయారుచేసే ఫంక్షన్ పేరు వెతికితే రెండుచోట్ల దొరికింది. మొదటి చోటికి వెళ్ళాడు. తప్పు పట్టుకున్నాడు, ఎందుకు తప్పో చక్కగా వివరించాడు, దిద్దాడు, నడిపించాడు. రిపోర్టులో పాత సందేశమే పడింది. మళ్ళీ దిద్దాడు. మళ్ళీ అదే. మూడోసారి దిద్దబోతుంటే వెనక వరసలో అమ్మాయి ఉండబట్టలేక అంది:

"తాతగారూ, అదంతా కామెంటు కదండీ! ఆకుపచ్చగా కనిపిస్తూనే ఉంది!"

నిజమే. ఎవరో పాత ఫంక్షన్ని పారెయ్యకుండా మొత్తానికి మొత్తం కామెంట్‌లో పెట్టి ఉంచారు. మొదలయ్యే గుర్తు పైన ఎక్కడో ఉంది, ముగిసే గుర్తు కింద ఎక్కడో ఉంది. నడిమధ్యలో నిలబడ్డవాడికి రంగు తప్ప వేరే ఆనవాలుండదు. కంప్యూటర్ చూడనే చూడని వరసల్ని ఆయన అంతసేపు దిద్దుతూ కూర్చున్నాడు.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఆయనకి బాగా తెలిసిన నవ్వే.

"లే బావా, నేను చూస్తా" అని బావమరిది వచ్చి కూర్చున్నాడు. రెండో చోటికి వెళ్ళి, ఒక్క వరస మార్చి, నడిపించాడు. సందేశం సరిగ్గా పడింది. కొత్త బృందానికి పెద్ద వాడే అని మేడమ్ ఆ సాయంత్రానికే చెప్పేసింది.

తాతగారు తన టేబులు దగ్గరకొచ్చి ఆ సెట్టింగుల ఫైలు తెరిచాడు. ఏ వరస ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో చూపించే సదుపాయం ఉంటుంది. ప్రతి వరస పక్కనా బావమరిదే. ఆ పొద్దున్నే. కామెంట్లకొక కోడ్, స్ట్రింగులకొక కోడ్, ఫంక్షన్లకొక కోడ్, మిగతావాటికీ ఆ మూడింటికి దగ్గరి రంగులే. ఆ మూడు కోడ్‌లూ చదివాక ఆయనకింక అనుమానం మిగల్లేదు. లోకంలో లక్షలాది రంగులుండగా వాడు ఏరుకున్నవి ఆ ఆకుపచ్చ, ఆ తుప్పు, ఆ నారింజ.

మెట్ల మీద పట్టుకున్నాడు వాణ్ణి.

"ఆ రంగులెందుకు పెట్టావురా?"

"అందరికీ ఒకేలా ఉంటే బాగుంటుందని, బావా..."

"అవే ఎందుకు పెట్టావు?"

వాడు రెయిలింగు పట్టుకుని ఒక మెట్టు దిగాడు. తరవాత తెగించినట్టు అన్నాడు: "నీ సంగతి మేడమ్‌కి ఎప్పుడో చెప్పాను. ఆవిడ నమ్మలేదు. అంత శుభ్రంగా పనిచేసే మనిషికి కళ్ళలో లోపమేంటి, నీకు కుళ్ళు అని నన్నే అంది. అందుకని చూపించాల్సొచ్చింది. నాకూ ఎదగాలనుంటుంది కదా బావా. ఎన్నాళ్ళు నీ బావమరిదిలాగే ఉండమంటావు?"

తాతగారికి కొట్టాలనిపించింది. ఏడవాలనిపించింది. నమ్మకద్రోహం అనే మాట ఎక్కడెక్కడో చదివాడు గానీ, అది ఇలా మెట్ల మీద, రోజూ తన టిఫిన్ డబ్బాలో సగం తినే మొహంతో ఎదురుపడుతుందని అనుకోలేదు.

ఇంటికెళ్ళేసరికి భార్య మంచం మీద బట్టలు మడతపెడుతోంది. "తమ్ముడు ఫోన్ చేశాడండీ! వాడికి పెద్ద ఉద్యోగమట. అంతా మీ చలవే!" అని ఎదురొచ్చింది.

ఇక ఆగలేదాయన. "నీ తమ్ముడు నన్ను మోసం చేశాడు. నిలువునా ముంచాడు" అని మొదలుపెట్టి, తెర, బురద, నవ్వు, ఆ మూడు రంగులూ అన్నీ కక్కేశాడు.

ఆవిడ చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది.

"మీకు రంగులు తెలియవా?" అంది నెమ్మదిగా.

"కొన్ని తెలియవు. చిన్నప్పట్నుంచీ అంతే."

"వాడికెప్పుడు చెప్పారు?"

"థీమ్ చేసుకున్నప్పుడు."

"వాడికి చెప్పారు." ఆవిడ చొక్కా పక్కన పెట్టింది. "గోడలకి ఏ రంగు వేయిద్దామంటే నీ ఇష్టమన్నారు. కర్టెన్లు ఏవి కొందామంటే నీ ఇష్టమన్నారు. రెండు కొత్త చీరలు మార్చి మార్చి కట్టుకుని ముందు నిలబడి ఏది నప్పిందండీ అంటే, తలెత్తకుండా రెండూ బాగున్నాయన్నారు. నేనంటే మీకు లెక్కలేదనుకున్నాను. పెళ్ళైనప్పట్నుంచీ అదే అనుకుంటూ బతుకుతున్నాను."

తాతగారు మంచం అంచున కూర్చున్నాడు.

"వాడు మిమ్మల్ని మోసం చేశాడు, కాదనను. రేపు వాడి మొహమ్మీదే అడుగుతాను" అంది ఆవిడ. "మరి నన్ను మోసం చేసిందెవరు? ఆ సంగతి నేనెవర్ని అడగాలి?"