గీత దాటిన రోజు

స్టాప్‌లాస్ ఆర్డరు రద్దు చేసేటప్పుడు నా వేలు ఒక్క క్షణం ఆగింది. అప్పుడే మొదటిసారి భయం వేసింది. అయినా నొక్కేశాను.

గవర్నర్‌పేటలోని ఒక చిన్న షేర్ బ్రోకర్ ఆఫీసులో నేను ఒంటిపూట పని చేసేదాన్ని. గన్నవరం వైపు ఫ్లాట్ కోసం దాచిన డబ్బుతో రొయ్యల మేత కంపెనీ షేర్లు కొన్నాను. కొన్నది చార్టు చూసి. నెలల తరబడి దాటని ధరను షేరు ఆ రోజు దాటింది, కొనేవాళ్లూ బాగా పెరిగారు. కింద ఒక గీత గీసుకుని, ధర అక్కడికి పడితే అమ్ముడైపోయేలా ఆ స్టాప్‌లాస్ ఆర్డరు పెట్టాను. పది రోజులకే ధర ఆ గీత దగ్గరికి జారింది.

ఆర్డరు తీసేశాక కంపెనీ వార్షిక నివేదిక తెరిచాను. అమ్మకాలు పెరిగాయి, లాభం పెరిగింది, అప్పు తక్కువ. ఊరట కలిగింది. పక్క సీటులో ఉండే పెద్దాయనకు చూపించాను. పాతికేళ్లుగా షేర్లు చూస్తున్న మనిషి.

"కొన్నదేమో చార్టు చూసి. ఉంచుకోడానికి బ్యాలెన్స్ షీటు చూపిస్తున్నారేంటండీ?" అన్నారాయన.

"కంపెనీ మంచిదే కద సార్."

"అది కొనేముందు అడగాల్సిన మాటమ్మా."

ఆయన పద్ధతి నాకు తెలియనిది కాదు. ఏ కంపెనీ కొనాలి, దానికి ఎంత ధర తగునన్నది లెక్కల పుస్తకాల్లో వెతికేవారు. ఎప్పుడు కొనాలి, ఎక్కడ తప్పు ఒప్పుకుని బయటపడాలన్నది చార్టులో చూసేవారు. రెండూ కొనేముందే రాసిపెట్టుకునేవారు. చార్టు కూడా చాలాసార్లు తప్పుతుంది, అందుకే ఆ గీత అనేవారు.

నేను ఆ సాయంత్రం మావారి బాబాయికి ఫోన్ చేశాను. ఆయనకు రొయ్యల చెరువులున్నాయి. మేత బ్రహ్మాండంగా పోతోందన్నారు. "డబ్బులదేముందమ్మా, కంపెనీవాళ్లు పంట అమ్మాక ఇమ్మన్నారు. అందరికీ అంతే," అని నవ్వారు. మొదటి మాటకే సంతోషించాను. రెండోదీ మంచి వార్తే అనుకున్నాను.

నెల తర్వాత కంపెనీ అర్ధ సంవత్సర ఫలితాలు వచ్చాయి. కాగితం మీద లాభం ఉంది, చేతికి నగదు రాలేదు. రైతులు, డీలర్ల నుంచి రావలసిన బాకీలే కొండలా పేరుకున్నాయి. రెండు రోజుల్లో షేరు ధర నేను కొన్నదానిలో సగానికి వచ్చింది. అప్పుడు అమ్మేశాను. చార్టుకు కారణం తెలియదు, అయినా ఎవరో అమ్ముకుంటున్నారని ముందే చూపించింది. కారణం బాబాయి నోటే విన్నాను. నా నమ్మకానికి పనికొచ్చినంతే రెండింట్లోనూ తీసుకున్నాను.

ఆ రాత్రి చెప్పగానే మావారు ఫ్లాట్ కాగితాలు మడిచి బీరువాలో పెట్టేశారు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

మర్నాడు పొద్దున జడ వేస్తుంటే పాప కొత్త ఇంట్లో తన గదికి ఏ రంగు వేయిద్దామని అడిగింది. దాని తమ్ముడు నీలం అన్నాడు. ఇద్దరినీ కూర్చోబెట్టాను.

"ఈ ఏడాది కొత్త ఇంటికి వెళ్లట్లేదు నాన్నా. ఆ డబ్బులో సగం నేను పోగొట్టాను. ఎవరూ మోసం చెయ్యలేదు. ఎక్కడ ఆగాలో నేనే రాసుకున్నాను, అక్కడ ఆగలేదు."