చుక్క బాబాయ్ విప్పిన తాళం

మా ఆసుపత్రిలో ఆయన్ని అందరూ చుక్క బాబాయ్ అంటారు. కొత్తగా చేరినవాళ్ళు ఆ పేరు విని, మందు అలవాటేమో అనుకుని ఓ వారం పాటు ఆయనకి దూరదూరంగా తిరుగుతారు. నిజానికి ఆయన మందు వాసన కూడా ఎరగడు. ఆక్సిజన్ సిలిండర్ల దగ్గరికి ఎవరెళ్ళినా వెనకాలే వచ్చి "నూనె చుక్క కూడా తగలకూడదు" అని నస పెడతాడు. అలా నస పెట్టీ పెట్టీ ఆ చుక్క ఆయనకే అంటుకుంది.

ఆయన మా ఫిట్టరు. పన్నెండు మంచాల చిన్న ఆసుపత్రి మాది. తిరగని ఫ్యాన్లు, కారే కుళాయిలు, కిర్రుమనే మంచాల చక్రాలు అన్నీ ఆయనవే. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. నేను నర్సుగా వచ్చి తొమ్మిదేళ్ళయింది. మొదటి రోజే చేతికి కొబ్బరినూనె రాసుకుని వచ్చానని నన్ను సిలిండర్ గది గడప తొక్కనివ్వలేదు. ఆక్సిజన్ ఒత్తిడితో బయటికొచ్చే చోట నూనె తగిలితే నిప్పురవ్వ అక్కర్లేకుండానే అంటుకుంటుందట. అర్థమైంది కానీ, అందరి ముందూ కడిగేసినందుకు నాకు చాలాకాలం కోపం పోలేదు.

ఆయన భార్యని నేను పిన్నీ అంటాను. ఊపిరితిత్తులు బలహీనం. ప్రతి వానాకాలం ఒకసారైనా వచ్చి మా వార్డులో కిటికీ పక్క మంచం ఎక్కుతుంది. ఈసారి వచ్చిన నాలుగో రోజే తంటా వచ్చింది.

రెండు రోజులకోసారి సిలిండర్లు తెచ్చే లారీ, వంతెన మీదికి నీళ్ళొచ్చి అవతలే ఆగిపోయింది. వార్డులో అప్పుడు ఆక్సిజన్ మీద ఉన్నది పిన్ని ఒక్కతే. ఆవిడ సిలిండర్ మీటరులో ముల్లు ఎర్ర గీత వైపు దిగుతోంది. డాక్టరుగారు చూసి గంటన్నర రావచ్చన్నారు. ఇలాంటి రోజు కోసమే పెరట్లో ఒక గది ఉంది, అందులో నాలుగు నిండు సిలిండర్లు ఉన్నాయి. ఏముంది, తాళం తీసి తెచ్చుకోవడమే అని తాళంచెవి తీసుకుని నేనే బయల్దేరాను.

తాళం రాలేదు. చెవి లోపలికి సగం దిగి ఆగింది. గట్టిగా తోస్తే మొత్తం దిగింది కానీ తిరగలేదు. నాకు అసలే ఓపిక తక్కువ. రెండు చేతులతో పట్టుకుని బలంకొద్దీ తిప్పాను. తాళం కదల్లేదు, చెవి మాత్రం మెలి తిరిగింది.

ఆ గది తెరిచి ఏడాది దాటిందని అప్పుడు గుర్తొచ్చింది. తలుపుకి పైభాగాన ఊచలు, వాటి వెనక ఇనప జాలీ ఉంటాయి. నెలనెలా అందులోంచి తొంగి చూసి, నాలుగు ఉన్నాయని రిజిస్టరులో సంతకం పెట్టేది నేనే. సిలిండర్లు లెక్కపెట్టాం కానీ తాళం వైపు ఎవరం చూడలేదు. పై నుంచి సన్‌షేడు నీళ్ళు సరిగ్గా దాని మీదే కారుతున్నాయి. ఇనప తాళం గోధుమరంగు ముద్దలా ఉంది.

బాబాయ్ పరుగెత్తుకొచ్చాడు. తాళాన్ని చూశాడు, మెలి తిరిగిన చెవిని చూశాడు, నన్ను చూశాడు. "నువ్వేనా?" అన్నాడు. తలూపాను. చెవిని గట్టు మీద పెట్టి, పైన చెక్క ముక్క ఆన్చి మెల్లగా తట్టి తిన్నగా చేశాడు. విరగనందుకు బతికిపోయాననుకున్నాను.

అప్పటికి పెరట్లో సలహాలు మొదలయ్యాయి. గుమాస్తా ఇనుము కోసే గ్రైండరు తెప్పించి కోసేద్దామన్నాడు. "నిప్పురవ్వలు ఎగురుతాయి, లోపల ఆక్సిజనుంది" అన్నాడు బాబాయ్. అయితే సుత్తితో కొట్టమన్నాడు. దానికీ అదే జవాబు. రంపపు బ్లేడు పెట్టి చూస్తే తాళం కొక్కెం మీద గీత కూడా పడకుండా జారిపోయింది, అంత గట్టి ఉక్కు అది. ఆయమ్మ వంటింట్లోంచి నూనె గిన్నె పట్టుకొచ్చింది.

"అది చిక్కన. సందుల్లోకి దిగదు, పైగా జిగురు కడుతుంది. తీసుకెళ్ళమ్మా" అన్నాడు బాబాయ్. తన షెడ్డులోంచి తుప్పు వదిలించే స్ప్రే డబ్బా తెచ్చుకున్నాడు. ఇరవై ఆరేళ్ళలో ఆ గది దగ్గరికి ఆయన నూనె తేవడం అదే మొదటిసారి.

ముందు తాళం వెనక, తలుపుకి ఆనించి ఒక అట్ట దోపాడు. తలుపు కింది సందులో పాత గుడ్డలు కుక్కాడు. పొడి బ్రష్షుతో పైపై తుప్పు రాల్చాడు. డబ్బాకి సన్నటి గొట్టం తగిలించి చెవి కన్నంలోకి కాస్త, కొక్కెం రెండు కాళ్ళూ తాళంలోకి దిగే చోట్ల కాస్త కొట్టాడు. తర్వాత స్క్రూడ్రైవరు చెక్క పిడితో తాళాన్ని చుట్టూ టకటకా తట్టాడు. తట్టి, వెనక్కి జరిగి నిలబడ్డాడు.

"మరి తిప్పండి" అన్నాను.

"నానాలి."

"ఎంతసేపు?"

"పావుగంట. అదే పాక్కుంటూ లోపలికి పోవాలి. తొందరపడితే ఈసారి చెవి లోపలే విరుగుతుంది."

ఆ పావుగంట నాకు ఒళ్ళు మండిపోయింది. లోపలికెళ్ళి ముల్లు చూసి, బయటికొచ్చి తాళం చూసి, మళ్ళీ లోపలికెళ్ళాను. పిన్ని నన్ను పట్టుకుని "ఏమిటే ఆ కాలుగాలిన నడక?" అంది. ఏమీ లేదన్నాను. ఆవిడ నమ్మలేదు.

పావుగంటయ్యాక ఆయన చెవి పెట్టి, తిప్పీ తిప్పనట్టు అటొక వెంట్రుకవాసి, ఇటొక వెంట్రుకవాసి కదిపాడు. చెవి బయటికి తీస్తే తుప్పు బురద అంటుకొచ్చింది. దాన్ని తుడిచి, మళ్ళీ స్ప్రే కొట్టి, లోపలి బురద కన్నంలోంచి కారి గుడ్డలో పడేదాకా ఆగాడు. మళ్ళీ తట్టడం, మళ్ళీ ఆగడం. రెండోసారి చెవి కాస్త ఎక్కువ కదిలింది. మూడోసారీ అంతే, అక్కడే ఆగింది.

"బాబాయ్, అవతల ముల్లు గీత మీదికొచ్చింది. అక్కడున్నది మీ ఆవిడ" అన్నాను. అనకూడదని అంటున్నప్పుడే తెలుసు.

ఆయన నా వైపు తిరగలేదు. "ఎవరి ఆవిడో తాళానికి తెలీదమ్మా" అని చెవి తుడుచుకున్నాడు.

నాలుగోసారి చెవి తిరిగింది. కొక్కెం మాత్రం పైకి లేవలేదు. తాళాన్ని గుప్పిట్లో పట్టుకుని కిందికి లాగుతూ, ఇంకో చేత్తో తడుతూ, మధ్యలో ఇంకొంచెం స్ప్రే కొట్టి, అలా ఎంతసేపు గుంజాడో. చివరికి కర్రుమని అర అంగుళం జారి, తర్వాత ఊడొచ్చింది. నేను ఒక్క ఉదుటున తలుపు మీద చెయ్యి వెయ్యబోయాను.

"ముట్టుకోకు."

ఇరవై ఆరేళ్ళలో ఆయన గొంతు అంత పెద్దగా ఎవరూ విని ఉండరు.

గడియ మీదంతా నూనె, తుప్పు బురద. గడప మీద నాలుగు చుక్కలు. ఆ చేతుల్తో, ఆ కాళ్ళతో లోపలికెళ్ళి సిలిండర్ ముట్టుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసీ ఆయన మీద పళ్ళు కొరికాను. అవతల మనిషికి ఊపిరి అయిపోతోంటే ఈయన తుడుపు పెట్టుకున్నాడు. పొడి గుడ్డతో గోధుమరంగు రావడం ఆగేదాకా తుడిచాడు. తర్వాత సబ్బునీళ్ళతో గడియా, తలుపు అంచూ, గడపా కడిగి, మంచినీళ్ళతో తుడిచి, ఆరబెట్టాడు. తాళాన్నీ, అట్టనీ, గుడ్డల్నీ బకెట్టులో వేసి పెరటి చివర పెట్టించాడు. నన్నూ ఆయమ్మనీ మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకోమన్నాడు. ఎనిమిది నిమిషాలు. నా గడియారంలో చూశాను.

తర్వాత ఆయన పక్కకి తప్పుకున్నాడు. ఒళ్ళంతా స్ప్రే వాసన, చొక్కా మీద మరకలు. తానే తెరిచిన గదిలోకి తను అడుగు పెట్టలేదు.

మేమిద్దరం సిలిండర్ని బండి మీద కట్టి వార్డులోకి తోసుకెళ్ళాం. మామూలుగా మీటరు బిగించేది ఆయనే. ఆ రోజు వరండా కిటికీ అవతల, బారెడు దూరంలో నిలబడి చెప్పాడు. "ముందు మూతి పక్కకి తిప్పి, ఒక్క క్షణం వాల్వు తెరిచి మూసెయ్, దుమ్ము పోతుంది. ఇప్పుడు మీటరు పెట్టు. శుభ్రమైన స్పానరేనా? బిగించు. చాలు. ఇప్పుడు మెల్లగా తెరువు, మెల్లగా." పాత సిలిండర్లో ముల్లు సున్నాని ఆనుకుని ఉంది. గొట్టం మార్చాను. కొత్త సిలిండర్‌కి తగిలించిన నీళ్ళ సీసాలో బుడగలు పొంగడం మొదలయ్యాక గానీ నేను ఊపిరి పీల్చుకోలేదు.

పిన్ని పెదాల నీలం తగ్గడానికి చాలాసేపు పట్టింది. కళ్ళు తెరిచి మొదట అడిగింది, "ఆయనేడీ?" అని.

పెరటి కుళాయి దగ్గర దొరికాడు. చొక్కా విప్పేసి, వార్డు గౌను ఒకటి తొడుక్కున్నాడు. చేతులు రుద్దుకుంటున్నాడు. అది నాలుగోసారని ఆయమ్మ చెప్పింది.

"పిన్ని పిలుస్తోంది. రండి."

"నేనే తుప్పు పట్టించానమ్మా దాన్ని" అన్నాడు నీళ్ళవైపు చూస్తూ. "గదిలో నూనె వద్దంటే సరిపోయేది. తలుపు బయట వేలాడే తాళానికి కూడా ఇన్నేళ్ళు చుక్క పడనివ్వలేదు. ఏడాదికోసారి విప్పి షెడ్డుకి తీసుకెళ్ళి, నూనె పెట్టి, తుడిచి తగిలిస్తే ఏం పోయేది? భయపడి, దాని సంగతే మర్చిపోయాను."

సంతకాలు పెట్టింది నేనే కదా అందామనుకున్నాను. పొద్దున్నించీ ఆయన మీద చూపించిన కోపమంతా ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన చేతుల వాసన చూశాను, సబ్బు తప్ప ఏమీ లేదు.

"నీకు తెలీదు. గోళ్ళ సందుల్లో ఉంటుంది" అన్నాడు.

గోళ్ళు తోమే బ్రష్షు తెచ్చాను. గట్టు మీద కూర్చోబెట్టి, ఒక్కొక్క వేలూ పట్టుకుని నేనే రుద్దాను. చిన్నపిల్లాడిలా చేతులు చాపి కూర్చున్నాడు. పది వేళ్ళూ అయ్యాయి. ఇక వెళ్ళండి అన్నాను.

వెళ్ళాడు. మంచం పక్కన స్టూలు అడుగు దూరం లాక్కుని కూర్చున్నాడు. పిన్ని దుప్పటి మీంచి చెయ్యి చాచింది. ఆయన రెండు చేతులూ వీపు వెనక కట్టుకున్నాడు.

"ఇవాళ్టికి వద్దులే" అన్నాడు.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆయనా చేతులు విప్పలేదు. నేను డ్యూటీ దిగి వెళ్ళేటప్పుడు చూసినా అలాగే ఉన్నారు.