రెండు ముడులు జారినయి

పొద్దుగాల ఏడున్నర. రాత్రి వట్టిన ముసురు ఇంక ఇడుస్తలేదు. ఇంటికాడ పెండ్లాం సద్దిబువ్వ ముందల వెడితే కట్టయ్య ముట్టకనే ఎల్లిండు. పరకాల నుంచి హన్మకొండ పోయే బస్సుల కిటికీ పక్కన కూసోని, సంకల ప్లాస్టిక్ కవర్ ఒత్తి పట్టుకున్నడు. కవర్ల ఒక నోటుబుక్కు. నాలుగంతస్తుల ఎత్తుల ఒంటికట్టె మీద బీడి తాక్కుంట నడిచిన మనిషి, ఈ నోటుబుక్కు మాత్రం తెరవలేకపోతాండు.

ఆ బుక్కుల ఒక పేజీ చింపి, రాత్రికి రాత్రి కొత్తది రాయాల్నని నిన్న మేనేజర్ సార్ అన్నడు. ఆయన చింపలే. రాయలే. నిద్రవోలే.

కట్టయ్య అయిదో తరగతిలనే బడి ఇడిచిండు. ముప్పై ఏండ్లు గోడలు కట్టిండు. మోకాళ్లు అరిగినంక పైకెక్కుడు బందయింది. ఇగ ఏం జేద్దురా అనుకుంటాంటె, కూలోళ్లకు మేస్త్రి పని నేర్పే సెంటర్ హన్మకొండల ఉన్నదని, అండ్ల గోవ కట్టుడు నేర్పుమని పిలిచిండ్రు. గోవంటె తెలుసుగద, ఎత్తుల నిలబడి గోడ కట్టెటందుకు కర్రలు తాళ్లతోని కట్టి లేపే మంచె. ముడి నిలిస్తె మనిషి ఉంటడు, ముడి జారితె లేడు. గంతే లెక్క.

పన్నెండు మంది, పదిహేను దినాలు. ఆఖరికి సర్టిఫికెట్. అది చేతిల ఉంటే పైకెక్కే పనికి తీస్కుంటరు.

నేర్పుడు కట్టయ్యకు అలవాటే. నేర్పినంక రాసుడే గండం. దినాం క్లాసు అయిపోంగనే ఒక పేజీ నింపాలె. పేజీల మూడు మాటలు అచ్చేసి ఉంటయి. ఏం జూసినవ్? ఎవలకు రాలే, ఎందుకు రాలే? మల్లసారి ఏం మారుస్తవ్?

మొదటి వారం దినాం ఒక్కటే రాసిండు. 'గోవ ముడి జెప్పిన. అందరికి సమజైంది.'

శుక్రారం లిదియా మేడం వచ్చింది. నేర్పెటోళ్లకు నేర్పుడు ఆమె పని. వరుసగ అయిదు పేజీలు తిప్పింది, కండ్లద్దాలు పైకి జరిపింది.

"కట్టయ్యన్నా, సమజైందని నీకెట్ల ఎరుక?"

"అడిగిన మేడం. అందరు తలకాయ ఊపిండ్రు."

"మేస్త్రి అడిగితె ఊపకుంట ఎవలుంటరే? నువ్వు నేర్సుకునే దినాలల్ల, రాలేదని మీ మేస్త్రికి ఎన్నడన్న చెప్పినవా?"

కట్టయ్య నవ్వబోయిండు. నవ్వు సగంలనే ఆగింది. ఆయనకు ఐలయ్య యాదికొచ్చిండు. పందొమ్మిది ఏండ్ల కింద, మూడో అంతస్తుల, కొత్తగొచ్చిన ఐలయ్యకు ముడి చూయించి, "సమజైందారా?" అంటే, వాడు ఇట్లనే తలకాయ ఊపిండు. అదే దినం మధ్యాన్నంకల్ల ఆ ముడి జారింది. ఇసుక కుప్ప పక్కన వడ్డడు. కుప్ప మీద వడ్డా బతుకుతుండె.

"తలకాయ ఊపుడు సాక్ష్యం గాదన్నా," అన్నది మేడం. "చేతులు ఏం జేసినయో రాయి. నీ కండ్లకు అగుపడ్డది రాయి, నువ్వనుకున్నది వద్దు."

"రాలేదని రాస్తే నేనే బద్నాం గదా మేడం? వీనికి నేర్పుడు రాదంటరు."

"ఎవలకు రాలేదో ఎరుక లేనోడు రేపు ఏం మారుస్తడన్నా?"

తెల్లారి కట్టయ్య ఒక ఉపాయం జేసిండు. ఛాతి ఎత్తుల అడ్డకర్ర వెట్టి, ఒక్కొక్కలతోని ముడి కట్టిపిచ్చిండు. ఆ ముడికి సిమెంటు సంచిల ఇసుక నింపి యాలాడదీసిండు. అయిదు నిమిషాలు ఆగాలె, సంచి నిలవాలె.

దబ్బుమని ఒకటి వడ్డది. పోరగాండ్లు నవ్విండ్రు. దబ్బుమని ఇంకోటి. సప్పుడైనప్పుడల్ల కట్టయ్య నేల మీద ఒక గీత గీస్తాండు. లెక్కవెడితె ఏడు సంచులు కింద, అయిదు మీద. వారం దినాలు 'అందరికి సమజైంది' అని రాసిన చెయ్యి ఇదే గదా అని తన చెయ్యి దిక్కు జూసుకున్నడు.

నిలిచిన అయిదుగురిల నలుగురు పాతోళ్లు, యాడనో ఇంతకుముందు కట్టినోళ్లే. అయిదోది యమున. ఆరేండ్ల సంది నెత్తిమీద ఇటుకలు మోసిన పిల్ల, తాడు ముట్టుడే కొత్త.

"నీకెట్ల వచ్చిందే?" అనడిగిండు.

"నువ్వు ఎదురుంగ నిలబడి జేసినవ్ గద కాకా. నాకు అద్దంల జూసినట్టు అనిపిచ్చింది. అట్లనే జేసిన."

పక్కనున్న ఉదయ్ కిసుక్కున నవ్విండు. "అది ఎడమచేతిది కాకా! అన్నం దినేటప్పుడు జూడు, అందరికి మోచెయ్యి తాకిస్తది."

కట్టయ్యకు అప్పుడు దిమాక్ ల లైటు వెలిగింది. తను ఎదురుంగ నిలబడి చూయిస్తాండు. కుడిచేతోళ్లకు అది ఉల్టా అగుపడ్తాంది, రెండో సుట్టు కాడ తాడు తప్పు దిక్కు పోతాంది. ఎడమచేతి పిల్లకు మాత్రం సరిగ్గ అచ్చినట్టయింది. ఆ దినం పేజీల వంకరటింకర అక్షరాలతోని రాసిండు. 'ఏడు జారినయి. నేను ఎదురుంగ నిలవడ్డందుకు. మల్లసారి వాళ్లు తిరిగిన దిక్కే నేను గూడ తిరిగి, పక్కపొంటి నిలబడి చూయిస్త.'

అట్లనే జేసిండు. దినాం సంచులు యాలాడదీసుడు, దినాం రాసుడు. పదమూడో దినం పదకొండు నిలిచినయి. పద్నాలుగో దినం పది. నిలిచేది ఎందుకు తగ్గిందని జూస్తే, ఇన్నొద్దులు తన ఎడమచేతి తీరుగనే కట్టిన యమునది జారింది. ఆ దినం అందరిని జూసి చేతులు మార్చి కట్టింది, సగం ఇటు సగం అటు అయింది. ఉదయ్‌ది మల్ల జారింది. వాడు ముడి సక్కగనే ఏస్తడు గాని కొస పొట్టిగ ఇడుస్తడు.

'పదిమందికి వచ్చింది, ఇద్దరికి రాలే. యమునకు నేను మార్చినందుకే జారింది. రేపు ఆమెకొక్కదానికి ఎదురుంగ కూసుంట. ఉదయ్ కొస జానెడు కొలిచి ఇడువాలె. ఇద్దరు వరుసగ మూడుసార్లు నిలిచేటట్టు కడ్తెనే పైకి.'

గా పేజీనే సెంటర్ మేనేజర్ రమాకాంత్ సార్ కు గొంతుల ముల్లయింది.

"ఏందయ్యా ఇది? రేపు పైనుంచి సార్లు వస్తాండ్లు. పన్నెండు మంది రెడీ అని నేను చెప్పిన. ఎల్లుండి సుబేదారిల నాలుగంతస్తుల బిల్డింగు మీదికి పోవాలె వీళ్లు. పేజీ చింపి, పన్నెండు ముడులు నిలిచినయని రాసుకొని రా."

"ఇద్దరికి ఇంకొక్క దినం గావాలె సార్."

"నీకు మల్లా బ్యాచి గావాల్నా వద్దా? గోవ కట్టుడు వచ్చినోళ్లు కూలి అడ్డా మీద మస్తుమంది దొరుకుతరు. జర సోంచాయించు."

సోంచాయించుడే రాత్రంత. ఈ పని వోతే ఏం జెయ్యాలె? మెట్లెక్కుతెనే మోకాళ్లు కట్కట్ మంటయి. రాస్తే మాత్రం ఏమైతది, ఒక్క పేజీ. గట్ల అనుకోంగనే ఇసుక కుప్ప పక్కన ఐలయ్య చెప్పు ఒక్కటే వడి ఉన్నట్టు అగుపడ్తది.

బస్సు దిగి సెంటర్ కు పోయేసరికి రేకుల షెడ్డు కింద యమున ఒక్కతే కూసున్నది. మక్కరొట్టె సగం చింపి చాపింది.

"తిను కాకా. మొఖం గట్ల పీక్కపోయింది."

"వద్దు బిడ్డా."

"నన్ను పాస్ ల రాసినవా? రాయి కాకా. ఇటుకలు మోసి మోసి నెత్తి సదునైంది. వస్తది తియ్యి, పైకెక్కినంక నేర్సుకుంట."

కట్టయ్య ఆమె చేతిల రొట్టె దీసి పక్కన వెట్టిండు. "పైకెక్కినంక నేర్సుకునేటందుకు దినాలుండయ్ బిడ్డా. తాడు అందుకో."

ఎదురుంగ కూసున్నడు. మెల్లగ, ఒక్కొక్క సుట్టు ఆపి చూయించిండు. మొదటి సంచి దబ్బున వడ్డది. యమున పెదిమె కొరుక్కున్నది. మల్ల కట్టింది, నిలిచింది. మల్ల, నిలిచింది. మల్ల, నిలిచింది. అంతట్ల మిగిలినోళ్లు వచ్చిండ్రు. ఉదయ్ జానెడు కొలిచి కట్టిండు. రెండుసార్లు నిలిచింది. మూడోసారి ముసురుకు తాడు తడిసి ఉన్నది, బిర్రుగ, బిగుసుకునేదాక గుంజకనే ఇడిచిండు. దబ్బుమన్నది.

కట్టయ్య పేజీ రాసిండు. ఎవలకు ఎన్నిసార్లు నిలిచిందో పేరు పేరునా. రాసి, బుక్కు వాళ్ల మధ్యల వెట్టిండు.

"నేను రాసింది నిజమైతె, మీ పేరు పక్కన ఏమైందో మీ చేతితోని రాసి సంతకం వెట్టుండ్రి."

"నా ఇజ్జత్ దీస్తానవ్ కాకా," అన్నడు ఉదయ్.

"ఇజ్జత్ పోతే మల్ల వస్తది రా. నువ్వు పోతే మల్ల వస్తవా?"

ఉదయ్ ముందటికి జరిగిండు. పెన్ను అందుకొని 'మూడోసారి జారింది' అని రాసి సంతకం వెట్టిండు. ఎనుకనే మిగిలిన పదకొండు మంది గూడ వెట్టిండ్రు. ఇగ ఈ పేజీ మార్చాల్నంటె పన్నెండు చేతులు మారాలె. కింద కట్టయ్య ఇంకో మాట రాసిండు. 'మల్లసారి: ఉదయ్‌తోని తడి తాడు మీద కట్టియ్యాలె. వరుసగ మూడు నిలిచేదాక నేల మీదనే. నేను లేకున్నా వచ్చేటోళ్లు ఇది చూడాలె.'

అప్పుడే గేటు కాడ కారు ఆగింది. రమాకాంత్ సార్ ఉరికొచ్చి బుక్కు గుంజుకొని జూసిండు. మొఖం మాడింది. సంతకాల మీద వేలు వెట్టుకుంట పోయిండు, చింపుతడేమో అన్నట్టు పేజీ కొస పట్టుకున్నడు. పన్నెండు మంది ఆయన వేలునే జూస్తాండ్లు.

"నువ్వు బయట నిలబడు," అన్నడు పండ్లు గొరుక్కుంట. "తర్వాత మాట్లాడ్త నీతోని."

కట్టయ్య గేటు దిక్కు రెండడుగులు ఏసి ఆగిండు. ఏమనుకున్నడో ఏమో, ఎనుకకు మళ్లి, సార్ చేతుల్నుంచి బుక్కు మెల్లగ అందుకున్నడు. కారు దిగి లోపలికొస్తాన్న పెద్దసారుకు ఎదురు వోయి, గా పేజీ తెరిచి ఆయన చేతిల వెట్టిండు. ఉదయ్ పేరు మీద వేలు వెట్టి చూయించిండు.

చెప్పాల్సింది అండ్లనే ఉన్నది. రాయొచ్చిన కాడికి రాసిండు గద.

టవాల నెత్తిమీద కప్పుకొని గేటు దాటిండు. ముసురుల నాలుగడుగులు వెయ్యంగనే ఎనుక నుంచి పెద్దసారు గొంతు ఇనవడ్డది.

"ఈ ఉదయ్ ఎవరయ్యా? తాడు పట్టుకొని రా. తడిదే తే."

కట్టయ్య ఆగిండు. తిరిగి జూడలే. దబ్బుమనే సప్పుడు వస్తదేమోనని చెవులు రిక్కించి నిలవడ్డడు. అయిదు నిమిషాలు తన మనసుల తనే లెక్కవెట్టిండు. వాన సప్పుడు తప్ప ఏం ఇనరాలే, అంటె సంచి నిలిచింది; మిగిలిన రెండు జూసుకునేటోళ్లు ఉన్నరు. పరకాల బస్సు వస్తే ఎక్కి కూసున్నడు. రమాకాంత్ సార్ ఇంకో బ్యాచి ఇయ్యడని ఎరుకే; ఎవలకు చెప్పలే, మల్ల ఆ గేటు మొఖం జూడలే.