ఛాతీ నలభై రెండు

ఆబిడ్స్‌లో నా కుట్టు దుకాణం ముందు కార్లు నాంపల్లి స్టేషన్ దాకా నిలబడేవని చాలామందికి చెప్పాను. నిజానికి మాది సందులో ఒంటిగది మల్గి. రెండు మిషన్లు, ఒక కటింగ్ బల్ల, ఒక నిలువుటద్దం. ఆ సందులోకి కారు రాదు. మనిషిని చూడగానే కొలతలు చెప్పేస్తానని కూడా కోతలు కోసేవాణ్ణి. టేపు లేకపోతే నాకు నా ప్యాంటు పొడవే తెలియదు.

మా రిజిస్టర్లన్నీ మా అమ్మాయి కంప్యూటర్‌లోకి ఎక్కించింది. ఒక్కో ఆర్డరుకు ఒక్కో వరుస: గిరాకీ పేరు, ఏ బట్ట, కొలతలు, డెలివరీ తేదీ, రావలసిన బాకీ. పొద్దున షట్టరు ఎత్తగానే, తేదీ దాటినా ఎవరూ తీసుకుపోని బట్టల పట్టీ తెర మీదికి వస్తుంది. పాతది పైన, కొత్తది కింద. ఏడు నెలలపాటు ఆ పట్టీలో మొదటి పేరు చనిపోయిన మనిషిది. ఆయన తెల్ల చొక్కా కవరులో, కమ్మీకి వేలాడుతూ ఉండేది. ఫ్యాను వేస్తే కవరు దాటి వేలాడే ఒక చెయ్యి లేచి పడేది. నేను ఆ వైపు వీపు పెట్టి కూర్చునేవాణ్ణి.

ఆయన నాంపల్లి స్టేషన్ వెనక ఉండే రిటైరైన టీచరు. వయసులో ఉన్నప్పుడు తాలీంలో కసరత్తు చేసిన ఒళ్ళు. ఛాతీ నలభై రెండు అంటే ఆయనకు బిరుదు లాంటిది. నాలుగేళ్ళ కింద ఒకసారి టేపు తిప్పితే నలభై ఒకటి చూపింది.

“ఎంత మాస్టర్?”

“నలభై ఒకటి సార్.”

“మంచిగ చూడు. అద్దాలు మార్చుమని పోయిన సారే చెప్పిన నీకు.”

నవ్వుతూనే అన్నారు కాని మొహం చిన్నబోయింది. ఊపిరాడే వదులు కోసం టేపు కింద రెండు వేళ్ళు పెట్టడం మా పద్ధతి. నేను మూడో వేలు దూర్చాను.

“నలభై రెండే సార్. నాదే తప్పు.”

“గట్ల చెప్పు మరి.”

పుస్తకంలో మాత్రం నలభై ఒకటే రాశాను. కట్ చేసేది పుస్తకం చూసే కదా. చొక్కా ఒంటికి చక్కగా కూర్చుంది. ఆయన సంతోషించారు. నేనూ సంతోషించాను.

తర్వాతిసారి ముప్పై తొమ్మిదిన్నర. ఆ తర్వాత ముప్పై ఎనిమిది. పాత చొక్కాలు వదులవుతున్నాయని తెస్తే, “గీ మిల్లు గుడ్డ గంతే సార్, ఉతికిన కొద్ది సాగుతది” అన్నాను. కాటన్ సాగదని ఆయనకు తెలియదేమో, నాకు తెలుసు. చివరిసారి వచ్చినప్పుడు వీపు వెనక టేపు కింద పిడికిలి పెట్టి ‘నలభై రెండు’ అని గట్టిగా చదివాను. రాసింది ముప్పై ఆరు. అంత పిడికిలి వీపుకు తగులుతుంటే ఆయనకు తెలియదా? తెలిసే ఉంటుంది. ఆయన అద్దంలోకి తిన్నగా చూస్తూ నిలబడ్డారు. డెలివరీ తేదీకి మూడు రోజుల ముందు పోయారని ఆ పేటవాళ్ళెవరో చెప్పారు. కడుపులో ఏదో ముదిరిపోయిందట.

రిజిస్టరులో వరుసలు తేదీల ప్రకారం ఉంటాయి, ఆయన కొలతలు ఏడాదికొకచోట చెల్లాచెదురై ఉంటాయి కాబట్టి నేను గమనించలేదని కొంతకాలం నాకు నేను చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. పాత గిరాకీ వస్తే కిందటి పేజీ తీసి, కొలతలు పోల్చి చూడకుండా నేను ఏనాడూ రాయలేదు.

ఏడు నెలలకు ఆయన భార్య వచ్చింది.

“గీ చీటీ ఆయన ప్యాంటు జేబుల దొరికింది బిడ్డా. ఉతుకుల పడి నంబరు పోయింది.”

“ఫికర్ లేదమ్మా, పేరు చెప్పున్రి. పేరు మీద తీస్త,” అంది మా అమ్మాయి.

తీసింది. చివరి ఆర్డరుతో ఆగలేదు. ఆయన కుట్టించుకున్న చొక్కాలన్నీ ఒకదాని కింద ఒకటి వచ్చాయి. పొడవు అన్నింటిలోనూ ఇరవై తొమ్మిదే, ఎముకలు తగ్గవు కదా. ఛాతీ మాత్రం నలభై రెండు, నలభై ఒకటి, ముప్పై తొమ్మిదిన్నర, ముప్పై ఎనిమిది, ముప్పై ఆరు. పక్కనే కాలరు పదహారు నుంచి పద్నాలుగున్నరకు దిగింది. నేను ఆ అంకెల్ని అలా ఒకేచోట ఎన్నడూ చూడలేదు. మనిషి మెట్లు దిగిపోతున్నట్టుంది.

ఆమె తెర మీద వేలు పెట్టి కిందిదాకా జరిపింది.

“గిది దేనిదమ్మా?”

“ఛాతీది.”

ఆమె నా వైపు తిరిగింది. “మాస్టర్, ప్రతిసారి ఇంటికొచ్చి నలభై రెండే అంటుండె. తెల్సి నువ్వు చెప్పలేదా ఆయనకు?”

అప్పుడు నేను నిజం చెప్పేశానని రాయాలని ఉంది. చెప్పింది ఇది: “చెప్పిన అమ్మా. ఒకటికి రెండుసార్లు చెప్పిన, దవాఖానకు పోయి చూపించుకోమని. సార్ వినలే.”

ఆమె తెర మీంచి వేలు తీసేసింది. “అంటే తెల్సి కూడ నా దగ్గర దాసిండన్నట్టు,” అంది. బాకీ డబ్బులు లెక్కబెట్టి బల్ల మీద పెట్టి చొక్కా తీసుకుని వెళ్ళిపోయింది. మా అమ్మాయి ఆ వరుసలో ‘ఇచ్చేసినది’ అని పెట్టింది.

“నాయినా, నిజంగనే చెప్పినవా?”

“చెప్పిన అన్న గదా.”

మర్నాడు పట్టీలో ఆయన పేరు లేదు. కమ్మీ ఖాళీగా ఉంది. హాయిగా ఉండాలి. కాని ఎవరి ఛాతీకి టేపు చుట్టినా అద్దంలోంచి ‘ఎంత మాస్టర్?’ అని వినబడేది. అంకె పైకి చదవకుండా టేపు మళ్ళీ చుట్టేవాణ్ణి. ఎదుట నిలబడ్డ గిరాకీ నన్ను వింతగా చూసేవాడు. బతికున్నవాడికి నేను చేసింది ఒకటి, పోయాక ఆయన్ని ఇంట్లో దొంగను చేయడం ఇంకొకటి.

పదో రోజు నాంపల్లికి నడిచి వెళ్ళాను. గోడ మీద ఆయన ఫోటో ఉంది. దాని కింద కుర్చీలో చొక్కా కవరుతోనే ఉంది. ఆమె మంచినీళ్ళిచ్చింది.

“రోజు పొద్దున చాయ్ తాగుకుంట ఫోటోతోని మాట్లాడేదాన్ని మాస్టర్. మీ దుకాణంకెల్లి వచ్చినంక బంజేసిన. ఏం మాట్లాడాలె గసువంటి మనిషితోని?”

“అమ్మా, సార్ దాయలే. నేనే చెప్పలే,” అన్నాను. జేబులోంచి టేపు తీసి నా ఛాతీకే చుట్టుకుని, కింద పిడికిలి పెట్టి చూపించాను. ఎన్ని వేళ్ళు ఎప్పుడు పెట్టానో అన్నీ చెప్పాను.

తిడుతుందనుకున్నాను. ఆమె ఆ పిడికిలి వైపే చూస్తూ కూర్చుంది.

“ఒక్కసారి అన్న నేను, సన్నగైతున్నవని. కస్సుమన్నడు. మల్ల అనలే,” అంది. “ఆయన ప్యాంట్ల నడుము మూడుసార్లు లోపలికి పట్టి కుట్టిన, ఆయనకు తెల్వకుంట. నీ అసువంటోడు ఎవరన్న చెప్తరులే అనుకున్న.”

తర్వాత లేచి చొక్కా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. “గిది నాకొద్దు. గీ కొలత మనిషిని నేను చూస్కోలే. ఎవరికి సరిపోతే వాళ్ళకియ్యి.”

గుమ్మం దాటుతుంటే వెనక ఆమె గొంతు వినిపించింది. మాటలు తెలియలేదు. నాతో కాదు.

ఆ చొక్కా ఎవరికో ఇచ్చేశానని మా అమ్మాయికి చెప్పాను. ఇవ్వలేదు. నిన్న దుకాణంలో ఎవరూ లేనప్పుడు తొడిగి అద్దం ముందు నిలబడ్డాను. ఒకప్పుడు నాది నలభై. ముప్పై ఆరుకు కుట్టిన ఆ చొక్కా బొత్తాలన్నీ పెట్టుకోగలిగాను. ఛాతీ దగ్గర ఇంకా వదులుగానే ఉంది. మా అమ్మాయిని పిలిచి టేపు పట్టమన్నాను, అంకె గట్టిగా చదవమన్నాను అని రాస్తే అబద్ధమవుతుంది. ఇంకా పిలవలేదు.